పుటసంఖ్యలు పోయిన పుస్తకం: చెదిరిన స్కాన్లను వరుసలో పెట్టడం

(పాత పుస్తకాలను స్కాన్ చేసి భద్రపరిచే స్వచ్ఛంద కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారికి వినిపిస్తోందా? సరే. ఇవాళ నేను ఒకే ఒక్క పుస్తకం గురించి మాట్లాడతాను. మా ఇంట్లోదే. మా తాతగారి పుస్తకం, పద్యకావ్యం, మధ్యమధ్య వచనం. తొంభై ఆరు పుటలు. దాన్ని మేము ఎలా పాడుచేశామో, మళ్లీ ఎలా వరుసలో పెట్టుకున్నామో చెబుతాను. పాడుచేసిన సంగతి ముందు చెప్పాలి. ఎందుకంటే ఎలా చెదిరిందో తెలిస్తే ఎలా సర్దాలో సగం తెలిసినట్టే.

ఆ పుస్తకానికి ఎప్పుడో ఒకసారి కొత్త అట్ట వేయించారు. అట్ట వేసిన బైండరు అంచులు సమానంగా ఉండాలని పైభాగం కోశాడు. పుటసంఖ్యలు ఉన్నది పైభాగంలోనే. కొన్ని పుటల మీద అంకెల కాళ్లు మిగిలాయి, చాలావాటి మీద అవీ లేవు. ఆశ్వాసం పేరు కూడా ఆ వరుసలోనే ఉండేది, అదీ పోయింది. తర్వాత ఇల్లు మారినప్పుడు కుట్టుదారం తెగింది. ఆకులన్నీ పెట్టెలో చెల్లాచెదురయ్యాయి. మా మేనల్లుడు బుద్ధిమంతుడు, సహాయం చేద్దామని ఆ ఆకుల్ని చేతికి వచ్చిన వరుసలో దొంతరగా పేర్చి, కాగితాల్ని తనంతట తాను లాక్కునే స్కానరులో పెట్టాడు. ఆ స్కానరు ఒకవైపే తీస్తుంది. ముందు అన్నీ ఒకవైపు తీశాడు, దొంతరను మొత్తంగా తిరగేసి రెండోవైపు తీశాడు. పీడీఎఫ్ నాకు పంపాడు. పెట్టె అటక ఎక్కింది. ఊరు వేరు.

నాకు వచ్చిన పీడీఎఫ్‌లో ఎన్ని బొమ్మలున్నాయో చెప్పండి చూద్దాం. తొంభై ఆరా? కాదు. 95.

ఇక్కడ కాస్త ఆగుదాం. తొంభై ఐదు అనగానే మీకు ఏమనిపించాలి? కాగితానికి రెండు వైపులుంటాయి. అన్ని ఆకులూ రెండు వైపులా స్కాన్ అయితే మొత్తం సరిసంఖ్య రావాలి. బేసిసంఖ్య వచ్చిందంటే ఎక్కడో ఒక వైపు పడలేదు, లేదా ఏదో ఒక వైపు రెండుసార్లు పడింది. నేను ఆ రోజు ఈ లెక్క చూసుకోలేదు. పీడీఎఫ్ తెరిచి, మొదటి పుట చదివి, దాని తర్వాత ఏ పుట అతుకుతుందా అని వెతకడం మొదలుపెట్టాను. రెండు సాయంత్రాలు పోయాయి. పదకొండు పుటలు కుదిరాయని అనుకున్నాను. వాటిలో రెండు తప్పని తర్వాత తేలింది.

నేను చేసిన తప్పేమిటంటే పుటల్ని చూశాను, ఆకుల్ని చూడలేదు. తాళపత్రాలు చూసినవాళ్లు ఎప్పుడూ ఆకు అనే అంటారు, గమనించారా? పుటలు తొంభై ఆరు, ఆకులు నలభై ఎనిమిదే. ఏ పుట వెనక ఏ పుట ఉందో తేలితే చేయాల్సిన పని సగానికి పడిపోతుంది. పైగా అది చదివి తేల్చాల్సిన పని కాదు, కాగితాన్ని చూసి తేల్చేది. అంటే సందేహం తక్కువ.

దొంతరను తిరగేస్తే ఏమవుతుంది? ఆఖరి ఆకు పైకి వస్తుంది. కాబట్టి రెండోవైపులు వెనకనుంచి ముందుకు పడతాయి. నలభై ఎనిమిది ఆకులూ సరిగ్గా పడి ఉంటే మొదటి బొమ్మకు జత 96వది, రెండోదానికి 95వది. ఏ జత కూడినా 97 వస్తుంది. ఇప్పుడు ఒక బొమ్మ తప్పింది. మొదటి విడతలోనే తప్పిందనుకుందాం. అప్పుడు తప్పిన ఆకుకు ముందున్న జతలన్నీ కూడితే 96 వస్తుంది, దాని తర్వాతివి కూడితే 95 వస్తుంది. రాసుకోనక్కర్లేదు, ఇంటికి వెళ్లి నాలుగు కాగితాల మీద అంకెలు వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

జత అవునో కాదో ఎలా తెలుస్తుంది? ఇదీ అసలు ప్రశ్న. పాత కాగితం పల్చన. వెనకవైపు అచ్చు ముందువైపుకు లీలగా కనిపిస్తుంది, అద్దంలో చూసినట్టు తిరగబడి. ఒక బొమ్మను అద్దంలోలాగా కుడి ఎడమలు మార్చి, రెండోదాని పక్కన పెట్టి, వెలుగునీడల తేడా పెంచి చూడండి. అక్షరాలు చదవాలని ప్రయత్నించవద్దు, కళ్లు పోతాయి. పెద్ద ఆకారాలు చూడండి. ఎక్కడ పద్యం ముగిసి చోటు వదిలారు? పొట్టి పాదాలు ఎక్కడ? వచనం గుంపుగా నల్లగా ఎక్కడ ఉంది? ఒక పుట అడుగున పావు వంతు ఖాళీ ఉంటే, దాని వెనక పుటలో ఆ పావు వంతు నీడ లేకుండా తెల్లగా ఉంటుంది.

ఏమన్నారు మాస్టారూ? అవును, మీరన్నది నిజం. నలుపు తెలుపుల్లో మాత్రమే స్కాన్ చేస్తే ఆ నీడ మాయమైపోతుంది. యంత్రం దాన్ని మరకనుకొని చెరిపేస్తుంది. అందుకే పాత కాగితాన్ని రంగుల్లో స్కాన్ చేయమని మొత్తుకుంటాం. మా మేనల్లుడు, అదృష్టం, రంగుల్లోనే తీశాడు. నీడ లేకపోతే చిరుగుల్ని, చిల్లుల్ని నమ్ముకోవాలి. ముందువైపు కుడి అడుగు మూల చిరిగితే వెనకవైపు ఎడమ అడుగు మూల చిరిగి ఉంటుంది. దూరం కొలిచేటప్పుడు మాత్రం బొమ్మ అంచునుంచి కొలవకండి, బొమ్మను స్కానరు ఎటు కత్తిరించిందో తెలియదు. అచ్చు మొదలైన చోటునుంచి కొలవండి.

సరే, మా పుస్తకం. 1, 95 చూశాను. జతే. మధ్యకు వెళ్లి 24, 72 చూశాను. అదీ జతే, మొత్తం 96. ఇంకా ముందుకు వెళ్లి 36, 60 చూశాను. కుదరలేదు. 36కు 59 కుదిరింది. మొత్తం 95. అంటే తప్పిన ఆకు ఆ మధ్యలో ఉంది. 30, 66 కుదిరాయి. 31కి 65 కుదరలేదు, 64 కుదిరింది. అయిపోయింది. 65వ బొమ్మకు జత లేదు, అది ఒంటరి. దొంతరలో 31వ ఆకు, దాని పక్క ఆకు అతుక్కొని ఒకేసారి లోపలికి వెళ్లాయన్నమాట. తిరగేసినప్పుడు విడిపోయాయి కనక రెండోవైపులు రెండూ పడ్డాయి. పది నిమిషాలు పట్టింది ఇది. ఆ రెండు సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జతలు తేలాక ప్రతి ఆకుకూ ముందువైపు ఏదో, వెనకవైపు ఏదో చూసుకోవాలి. పెట్టెలోంచి తీసినప్పుడు కొన్ని ఆకులు బోర్లా పడ్డాయి కదా. దీనికి కుట్టు రంధ్రాలు చూడండి. తెలుగు పుస్తకంలో బేసిపుట కుడిచేతివైపు ఉంటుంది, దాని కుట్టు ఎడమ అంచున. రంధ్రాలు ఎడమన ఉంటే ముందువైపు, కుడిన ఉంటే వెనకవైపు. ఇంతే. ఒంటరిగా మిగిలిన 65వ బొమ్మకు రంధ్రాలు కుడిన ఉన్నాయి. అంటే మాకు పడనిది ఆ ఆకు ముందువైపు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు నలభై ఎనిమిది ఆకుల్ని వరుసలో పెట్టాలి. ఇక చదవడమేనా? ఇంకా కాదు. మీలో ప్రెస్సులో పనిచేసినవారు ఎవరైనా ఉన్నారా? ఒక్కరేనా? మీకు నేను చెప్పబోయేది తెలిసే ఉంటుంది. పుస్తకాన్ని పుట పుటగా అచ్చువేయరు, ఫారాలుగా వేస్తారు. పెద్ద కాగితం మీద కొన్ని పుటలు ఒకేసారి వేసి, మడిచి, ఆ మడతల్ని వరుసగా పేర్చి కుడతారు. మడతలు తారుమారు కాకుండా బైండరుకు గుర్తుగా ప్రతి ఫారం మొదటి పుట అడుగున చిన్న అంకె వేసేవారు. కొన్ని పుస్తకాల్లో అంకె పక్కన పుస్తకం పేరులోని ఒకటి రెండు అక్షరాలు కూడా ఉంటాయి. పాఠకులు దాన్ని పట్టించుకోరు. పట్టించుకున్నవారు పుటసంఖ్య అనుకొని తికమకపడతారు. మన బైండరు కోసింది పైభాగం. ఈ అంకె ఉన్నది అడుగున. అర్థమవుతోందా?

మా పుస్తకంలో అడుగున అంకెలున్న ఆకులు ఏరాను. 2, 3, 4, 5, 6, 8, 9, 10, 11, 12. పది ఆకులు. ఫారానికి ఎన్ని పుటలో ఎలా తెలుసుకోవాలి? పెద్ద అంకె 12. మొత్తం 96 పుటలు. పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు. ఫారానికి ఎనిమిది పుటలు, అంటే నాలుగు ఆకులు. మీ పుస్తకానికీ తొంభై ఆరు పుటలే ఉండి పెద్ద అంకె 6 వస్తే ఫారానికి పదహారు పుటలన్నమాట. ఎనిమిది పుటల ఫారానికి లెక్క సులువు: అంకెలోంచి ఒకటి తీసేసి, ఎనిమిదితో హెచ్చవేసి, ఒకటి కలపండి. 4 అనే అంకె ఉన్నది 25వ పుట. 8 ఉన్నది 57వ పుట. పీఠికను వేరే ఫారంగా అచ్చువేసి ఉంటే ఈ లెక్క కావ్యం మొదటి పుటనుంచి మొదలవుతుంది, దాన్ని గమనించుకోండి. మా దాంట్లో విడి పీఠిక లేదు.

మొదటి ఫారానికి అంకె వేయడం అరుదు, ముఖపత్రం అందం చెడుతుందని. కాబట్టి 1 లేకపోవడం వింత కాదు. కానీ 7 ఏది? పదకొండు ఉండాలి, పదే ఉన్నాయి. 7 ఉండాల్సింది 49వ పుట మీద, బేసిపుట, ఆకు ముందువైపు. మనకు పడని బొమ్మ కూడా ఒక ఆకు ముందువైపే కదా! ఆ 65వ బొమ్మ 50వ పుట అయి ఉండాలని అప్పుడు అనుమానించాను. అనుమానం మాత్రమే. అడుగు చిరిగి అంకె పోయిన ఆకు ఇంకెక్కడో ఉండవచ్చు కదా. పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడు చదవడం. అదీ పుస్తకమంతా కాదు. నలభై ఎనిమిది కాగితం ముక్కలు కోసుకున్నాను. ఒక్కో ముక్క మీద ఒక ఆకు ముందువైపు మొదటి పంక్తి, వెనకవైపు చివరి పంక్తి, అంతే. పక్కన బొమ్మల అంకెలు. బల్ల మీద పరిచాను. కంప్యూటరులో చేయలేరా అంటారు, చేయవచ్చు. నాకు మాత్రం నలభై ఎనిమిదింటినీ ఒక్కసారి కళ్లముందు చూడటం తెరమీద కుదరదు.

పద్యకావ్యం మనకు చేసే ఉపకారం ఇంతా అంతా కాదు. పద్యాలకు వరుససంఖ్యలుంటాయి. ఒక ఆకు 60వ పద్యంతో ముగిస్తే తర్వాతిది 61తో మొదలవ్వాలి. పద్యానికి ముందు ‘క.’ అనో ‘ఉ.’ అనో ‘సీ.’ అనో ఉంటుంది. సీసం నాలుగు పాదాలూ పుట అడుగున ముగిసిపోతే, తర్వాతి పుట నెత్తిన ‘తే.’ గాని ‘ఆ.’ గాని ఉండి తీరాలి, గీతం లేని సీసం ఉండదు. వీటితోనే సగానికి పైగా ఆకులు చకచకా కలిశాయి.

కలవనివి ఎక్కడ వచ్చాయో చెబుతాను. పద్యసంఖ్య ప్రతి ఆశ్వాసానికీ ఒకటితో మొదలవుతుంది. ఆశ్వాసం పేరేమో కోతలో పోయింది. కాబట్టి రెండో ఆశ్వాసంలో ఒక 41 ఉంది, మూడో ఆశ్వాసంలో ఒక 41 ఉంది. రెండూ కందాలే. రెండూ పుట అడుగున సగంలో ఆగాయి! నెత్తిన సగం పద్యం ఉండి, దాని కింద 42 మొదలయ్యే ఆకులు కూడా రెండున్నాయి. ఏది దేనికి?

ఒక ఆకు అడుగున కందం మొదటి రెండు పాదాలున్నాయి. మొదటిది ‘కాలము’ అని, రెండోది ‘మేలని’ అని మొదలవుతాయి. కాలం గడిచిపోతోంది, మేలనుకున్నది ఏదీ కలగలేదు అనే భావం. అవతల రెండు ఆకుల నెత్తిన, ఒకదాని మీద ‘వేదన’ అని, ఇంకోదాని మీద ‘పాలన’ అని. నేనేం చేశాను? కాలం గడవడం, మేలు లేకపోవడం, వేదన. ఎంత చక్కగా అతికింది! అతికించేశాను.

ఇక్కడ నవ్వుతున్నవారికి ఛందస్సు వచ్చు. కందానికి ప్రాస ఉంది కదా. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. ‘కాలము’లో ల, ‘మేలని’లో ల. ‘వేదన’లో ద. చస్తే కుదరదు. ‘పాలన’లోనే ల. బడిలో చదువుకున్న సంగతి, భావం అతికిందన్న సంబరంలో గుర్తురాలేదు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, కందం, వీటిలో ఏది పుట అడుగున విరిగినా ముందు రెండో అక్షరం చూడండి. సంయుక్తమైతే అదే సంయుక్తం, ముందు నిండుసున్న ఉంటే అన్ని పాదాల్లోనూ నిండుసున్న. మొదటి అక్షరం గురువైతే అన్నిటా గురువే, లఘువైతే లఘువే. ఒక్క జాగ్రత్త: లకు ళ ప్రాసగా రావచ్చు, రకు బండి ఱను కలిపిన కవులున్నారు. అలాంటివి కనబడితే కాదని తోసిపారేయకండి. తేటగీతికి, ఆటవెలదికి ప్రాస నియమం లేదు, అక్కడ ఈ ఉపాయం పారదు.

నిజం చెప్పాలంటే ఆ తప్పు నాకు ప్రాస వల్ల తెలియలేదు. ఫారం అంకెల వల్ల తెలిసింది. 4 అంకె ఉన్న ఆకునుంచి వరుసగా కలుపుకుంటూ వెళ్తున్నాను. నాలుగు ఆకులు కాగానే 5 అంకె ఉన్న ఆకు రావాలి. రాలేదు, 9 వచ్చింది! మరోపక్క 8 నుంచి వెళ్లిన వరుస 5కు చేరింది. రెండు వరుసలూ 41వ పద్యం దగ్గర పట్టాలు మారాయి. అప్పుడు వెనక్కి వచ్చి చూస్తే ‘వేదన’ కనబడింది. కాబట్టి అతుకులు ఎంత బాగా కనిపించినా ప్రతి ఫారానికీ ఆకులు లెక్కపెట్టండి. మూడే వస్తే ఒక ఆకు పోయింది. ఐదు వస్తే పక్క ఫారం ఆకు దూరింది. నాలుగు వచ్చి తర్వాతి అంకె తప్పితే ఇదిగో ఇలా.

వచనం దగ్గర ఇంకో చిక్కు. ‘అని పలికిన విని’ అని పుట ముగుస్తుంది. దీని తర్వాత ఏది రాదు? ఎవరు మాట్లాడినా అతుకుతుంది. అలాంటి చోట్ల ఒకటి కుదిరిందని ఆగకుండా బల్ల మీద మిగిలిన ముక్కలన్నీ దానికి పెట్టి చూడాలి. రెండు కుదిరితే రెండూ పక్కన పెట్టేయాలి. పదో ఫారంలో మాకు అలా రెండు ఆకులు మిగిలాయి, మధ్యలోవి, ఎటు పెట్టినా చదువుకోవచ్చు. వాటిని తేల్చింది ఎవరనుకున్నారు? పురుగు. ఆ ఫారం మొదటి ఆకులో, కుట్టుకు దగ్గరగా, అడుగునుంచి మూడో పంక్తిలో ఆవగింజంత చిల్లు. నాలుగో ఆకులో అదే చోట శనగగింజంత చిల్లు. మధ్య రెండింటిలో ఒకదాని చిల్లు పెసరగింజంత, ఒకదానిది కందిగింజంత. ఇక చెప్పేదేముంది?

కానీ పురుగును గుడ్డిగా నమ్మకండి. పురుగు తిన్న రోజున ఆకులు ఏ వరుసలో ఉన్నాయో అదే చెబుతుంది. కొత్త అట్ట వేసినప్పుడే బైండరు ఆకులు తారుమారు చేసి, ఆ తర్వాత పురుగు పడితే, చిల్లులు తప్పు వరుసనే చక్కగా చూపిస్తాయి. నీటి మరకలూ అంతే. మా దాంట్లో ఫారం అంకెలతో, మిగతా చిల్లులతో పోల్చి చూస్తే ఎక్కడా తేడా రాలేదు, అందుకని ఒప్పుకున్నాను.

వరుస తేలాక పీడీఎఫ్ మార్చడం చిన్న పని. పాతదాన్ని ముట్టుకోకుండా కొత్తది తయారుచేయండి. నేను క్యూపీడీఎఫ్ అనే ఉచిత ఉపకరణం వాడతాను. బొమ్మల అంకెలు ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలో పేరుస్తుంది:

```
qpdf scan.pdf --pages . 12,84,89,7,20,76 -- kramam.pdf
```

ఇక్కడ మూడు ఆకులున్నాయి, ఒక్కో జత కూడండి, 96 వస్తుంది. రెండో ఆకు బోర్లా పడింది కనక 89 ముందు, 7 తర్వాత. అంకెల జాబితా ఉన్న కాగితం పారేయకండి. రేపు ఎవరైనా ఒక ఆకు తప్పంటే, ఎందుకు అక్కడ పెట్టారో ఆ కాగితమే చెప్పాలి. నేను ప్రతి అతుకు పక్కనా ఎలా తేలిందో రాశాను: పద్యసంఖ్య, ప్రాస, పురుగు, వచనం. చివరిది ఉన్నచోట ప్రశ్నార్థకం కూడా పెట్టాను. 49వ పుట చోట ఖాళీ పుట పెట్టి ‘స్కాన్ పడలేదు’ అని రాశాను. ఖాళీ వదలకుండా కలిపేస్తే అక్కడినుంచి బేసి సరి తలకిందులై కుడి పుటలు ఎడమకు వస్తాయి.

అడగండమ్మా. ఆ పుట దొరికిందా అనా? పండగకు ఊరు వెళ్లినప్పుడు అటక మీదనుంచి పెట్టె దింపించాను. ఆ దొంతరలో పైనుంచి 31వ ఆకు తీశాం. పక్క ఆకుతో ఇంకా ఒక మూల అంటుకునే ఉంది, పాత బంక. తిప్పి అడుగున చూస్తే ఎడమవైపు చిన్న 7. పైన కోత కింద 49లోని తొమ్మిది తోక కూడా ఉంది.